7వ తరగతి పఠన ప్రాజెక్టు: తల్లిదండ్రులకు లేఖ

విజయవాడ,
నవంబరు 1

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 10 నుంచి జనవరి నెలాఖరు వరకు మా 7వ తరగతి విద్యార్థులు, పాఠ్యపుస్తకాలు కాక, తమకు నచ్చిన నాలుగు తెలుగు పుస్తకాలు చదువుతారు. వాటిలో ఒకటి కథల సంపుటి, ఒకటి జీవిత చరిత్ర అయి ఉండాలి. తక్కినవి పిల్లల ఇష్టం. పుస్తకాలు కొనవలసిన అవసరం లేదు. మా గ్రంథాలయంలోవి ఇస్తాం. కొనాలనుకునేవారికి జనవరి మొదట్లో మన నగరంలో జరిగే పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది.

ప్రాజెక్టుకు 20 మార్కులు. వారానికి రెండుసార్లు రాసే పఠన దినచర్యకు 8, సంక్రాంతి సెలవుల తర్వాత తరగతిలో ఐదు నిమిషాలు ఒక పుస్తకం గురించి మాట్లాడి, తోటివారి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి 7, చివర్లో రాసే రెండు పేజీల సమీక్షకు 5. దినచర్యకే ఎక్కువ మార్కులు ఎందుకంటే, కథాసారాంశం ఎవరైనా రాసి ఇవ్వగలరు గాని, ఒక పాత్ర చేసిన పని తనకు ఎందుకు నచ్చలేదో, ఏ మాట అర్థం కాక నిఘంటువు తీయవలసి వచ్చిందో చదివిన బిడ్డ మాత్రమే రాయగలదు. అక్షరదోషాలకు దినచర్యలో మార్కులు తగ్గించను. సమీక్షలో మాత్రం చూస్తాను. అట్టలు, రంగు కాగితాలు, అలంకరణలకు మార్కులు లేవు కనుక దయచేసి వాటికి ఖర్చు పెట్టకండి.

నెమ్మదిగా చదివేవారు మూడు పుస్తకాలతో ముగించినా మార్కులు తగ్గవు. ముందుగా నాతో చెబితే చాలు. ఇంట్లో రాత్రి భోజనానికి ముందో తర్వాతో ఇరవై నిమిషాలు టీవీ, ఫోను పక్కన పెట్టించి, ప్రతి శనివారం దినచర్యపై సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. సందేహాలుంటే బుధవారం సాయంత్రం 4 గంటల తర్వాత పాఠశాలలో నన్ను కలవవచ్చు.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయురాలు,
7వ తరగతి