g∘f, f∘g, g⁻¹: నీవు పంపిన లెక్కకు సాధన

నీవు మొదట పంపిన ఫోటోలో పేజీ కుడి అంచు నీడలో పడినందువల్ల g సూత్రం పక్కనున్న షరతు కనిపించలేదు. రెండవ ఫోటోలో అది స్పష్టంగా ఉంది. ఈ లెక్కకు ప్రాణం ఆ షరతే కాబట్టి ముందుగా ఇచ్చిన వివరాలను ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను.

```
f(x) = √(x + 3),      x ≥ −3
g(x) = x² − 4x + 1,   x ≤ 2
```

g∘f, f∘g లను వాటి ప్రదేశాలతో సహా కనుక్కోవాలి. తరువాత g⁻¹ ను, దాని ప్రదేశాన్ని రాయాలి.

దేనిలోనూ ప్రతిక్షేపించక ముందే g ని వర్గ రూపంలోకి మార్చుకుంటే మిగిలిన పని చాలా తేలికవుతుంది: g(x) = (x − 2)² − 3. x ≤ 2 అయినప్పుడు x − 2 ఋణాత్మకం లేదా సున్న కాబట్టి, దాని వర్గం సున్న మొదలు ఎంత పెద్ద విలువనైనా తీసుకోగలదు. అందువల్ల g వ్యాప్తి [−3, ∞). f వ్యాప్తి [0, ∞).

ఇప్పుడు g∘f చూద్దాం. నీవు రాసిన x + 4 − 4√(x + 3) అనే సూత్రం సరైనదే, కానీ దాని పక్కన ప్రదేశాన్ని x ≥ −3 అని రాశావు, అక్కడే పొరపాటు జరిగింది. g(f(x)) లో మొదట f పని చేస్తుంది, దాని ఫలితాన్ని g అందుకుంటుంది. g మాత్రం 2 కంటే పెద్ద సంఖ్యను స్వీకరించదు. కాబట్టి x ≥ −3 తో పాటు √(x + 3) ≤ 2 కూడా కావాలి. రెండు వైపులా ఋణేతర సంఖ్యలే ఉన్నందున వర్గం చేయవచ్చు. x + 3 ≤ 4, అంటే x ≤ 1 వస్తుంది.

```
(g∘f)(x) = x + 4 − 4√(x + 3),   −3 ≤ x ≤ 1
```

x = 6 తీసుకొని చూడు. నీ సూత్రం ఏ ఇబ్బందీ లేకుండా 10 − 12 = −2 ఇస్తుంది. అయినా f(6) = 3, అది g ప్రదేశంలో లేదు, కాబట్టి (g∘f)(6) అనేదే లేదు. సూత్రం విలువ ఇచ్చినంత మాత్రాన ప్రమేయం అక్కడ నిర్వచితమైందని అనుకోకూడదు. చివరి సూత్రాన్ని మాత్రమే చూసి ప్రదేశం రాసే అలవాటు వల్లనే ఈ తప్పు పదే పదే జరుగుతుంది. కచ్చితంగా చెప్పాలంటే, f వ్యాప్తి మొత్తం g ప్రదేశంలో ఇమడదు కాబట్టి f ను [−3, 1] కు కుదించిన తరువాతనే సంయుక్త ప్రమేయం ఏర్పడుతుంది.

f∘g లో ప్రదేశం గురించి చిక్కు లేదు. g(x) ఎప్పుడూ −3 కు తక్కువ కాదు కనుక f దానిని ఎల్లప్పుడూ స్వీకరిస్తుంది. ప్రదేశం x ≤ 2. చిక్కు సూత్రంలో ఉంది. √((x − 2)²) ను నీవు x − 2 అని రాశావు. వర్గమూలం గుర్తు ఋణేతర విలువనే సూచిస్తుంది కాబట్టి అది |x − 2|, ఇక్కడ x ≤ 2 కావడంతో అది 2 − x. నీ జవాబులో x = 0 పెడితే −2 వస్తుంది, కానీ f(g(0)) = f(1) = 2.

```
(f∘g)(x) = 2 − x,   x ≤ 2
```

ఇక విలోమం. షరతు లేకుండా వాస్తవ సంఖ్యలన్నింటి మీదా g ని తీసుకుంటే g(0) = g(4) = 1 అవుతుంది; అప్పుడు g అన్వేకం కాదు, విలోమం ఉండదు. x ≤ 2 అన్న షరతుతో g నిరంతరం తగ్గుతూ పోతుంది కనుక అన్వేకం, సహప్రదేశాన్ని [−3, ∞) గా తీసుకుంటే సంగ్రస్తం కూడా. y = (x − 2)² − 3 నుంచి (x − 2)² = y + 3 వస్తుంది. ఇక్కడ నీవు ± గుర్తును తేల్చకుండా అలాగే ఉంచేశావు. ప్రమేయం ఒక్క విలువనే ఇవ్వాలి కాబట్టి ఆ గుర్తును తేల్చక తప్పదు, x − 2 ≤ 0 కావడం వల్ల ఋణ గుర్తే తీసుకోవాలి. చలరాశి పేరు మార్చి రాస్తే:

```
g⁻¹(x) = 2 − √(x + 3),   x ≥ −3
```

ఈ ప్రదేశం g వ్యాప్తి నుంచి వచ్చింది, g⁻¹ వ్యాప్తి (−∞, 2] కావడం కూడా g ప్రదేశంతో సరిపోతుంది. g(0) = 1, g⁻¹(1) = 2 − 2 = 0. ధన గుర్తు తీసుకుంటే 4 వచ్చేది, అది g ప్రదేశంలోనే లేదు.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. g⁻¹(x) అంటే 2 − f(x) అని గమనించావా? ఇది యాదృచ్ఛికం కాదు. f(g(x)) = 2 − x అని రెండవ భాగంలోనే తేలింది కాబట్టి 2 − f(g(x)) = x; అంటే g చేసిన పనిని 2 − f తిరగవేస్తున్నది. మూడవ భాగానికి జవాబు రెండవ భాగంలోనే ఉంది, కానీ అక్కడ x − 2 అని రాసినవారికి అది కనిపించదు.