పొలం మీద పొద్దు: నాలుగు పద్యాలు

న్యాయనిర్ణేతలకు నమస్కారం. ఈ పోటీకి పద్యాలు ప్రబంధ ఫక్కీలో ఉండాలన్నారు, కింద భావం మాత్రం వాడుక మాటల్లో రాయమన్నారు కాబట్టి అలాగే రాస్తున్నాను. నేను డిగ్రీ రెండో సంవత్సరం, సైన్సు గ్రూపు. ఛందస్సు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు, ఇప్పటికీ వేళ్ల మీదే గణాలు లెక్కపెడతాను. తెల్లవారడం గురించి రాయాలంటే పద్మాలు, చక్రవాకాలు ఎలాగూ ఉన్నాయి, కానీ నేను చూసినవి వరి, కొంగ, దిష్టిబొమ్మ, పార. వాటికే పెద్ద బట్టలు తొడిగాను.

ఉత్పలమాల

చుక్కల విత్తులన్ గగన శూన్యపుఁ జేనను జల్లి రేయి తా
నక్కడ నిల్వకే చనఁగ నచ్చపు మంచుగ మొల్చె నయ్యవే
చొక్కపుఁ బైరులన్ గొసల సొంపుగ నిల్చెను ముత్తియమ్ములై
దక్కిన పంటఁ జూడఁగను దద్దయు వేగమె వచ్చె భానుఁడున్.

రాత్రి ఆకాశమనే చేలో చుక్కల్ని విత్తనాలుగా చల్లి, మొలిచేదాకా ఆగకుండా వెళ్లిపోయింది. పైన చల్లినవి కింద మొలిచాయి, వరి కొసల మీద మంచు బొట్లుగా. ఆ పంట చూసుకుందామని సూర్యుడు హడావుడిగా వచ్చాడు. పద్యంలో చెప్పలేదు గానీ, చూడ్డానికొచ్చిన ఆ పెద్దమనిషే గంటలో పంటంతా ఆరగించేస్తాడు. ఆ మాట కూడా ఇరికిద్దామని చూశాను, నాలుగు పాదాల్లో పట్టలేదు.

కందం

కొంగయు నొంటి పదముపై
నంగముఁ గదలింప కుండె నర్కుని కెదుటన్
దొంగ జపంబున మీనము
మ్రింగఁగ మనసైనఁ జాల మెచ్చరె మౌనిన్.

మడిలో ఒంటికాలి మీద, సూర్యుడికి ఎదురుగా, ఒళ్లు కదపకుండా నిలబడ్డ కొంగ. మనసంతా చేప మీదే. అయినా చూసేవాళ్లు అబ్బ ఎంత నిష్ఠ అనుకోరూ! కొంగజపం అన్న మాట మనకి ముందే ఉంది, నేను దాన్ని తెల్లవారుజామున నిలబెట్టానంతే. నాలుగింటిలో ఒక్క కూర్చోవడంలో వచ్చిన పద్యం ఇదొక్కటే.

సీసం

కొక్కొరోకో యని కోడిపుంజొక్కటి
వందిమాగధురీతిఁ బలుకుచుండ
ఎడ్ల మెడల మువ్వ లెడతెగ కొకరీతి
తాళముల్ వైచుచుఁ దరలుచుండ
కాలువ నీళ్లు లోఁగంఠానఁ దంబూర
మీటుచున్నట్లుగ మెల్లఁ బాఱ
దిష్టిబొమ్మ తలను తీరుగాఁ గూర్చుండి
పిచ్చుక కచ్చేరి పెట్టుచుండ

తేటగీతి

నిదుర వీడక పచ్చని నేల ఱేఁడు
మంచు దుప్పటిఁ గప్పుక మసలెఁ గాని
ఎండ వ్రేలొక్క టించుక యెత్తి లాగ
లేచెఁ బైరెల్లఁ దలలూఁచి లీలతోడ.

ప్రబంధాల్లో రాజుల్ని వందిమాగధులు పాడి లేపుతారు కదా, ఇక్కడ రాజు పైరు. కోడి స్తోత్రం చదువుతోంది, ఎడ్ల మువ్వలు తాళం వేస్తున్నాయి, కాలువ తంబూరా మీటుతోంది, పిచ్చుకైతే దిష్టిబొమ్మ నెత్తి మీదే కచ్చేరి పెట్టేసింది (ఎవర్ని చూసి భయపడాలో దాని మీదే కూర్చోవడం నాకు భలే ఇష్టం). ఇంత చేసినా రాజుగారు మంచు దుప్పటి కప్పుకుని అటూ ఇటూ దొర్లుతున్నారు తప్ప లేవలేదు. చివరికి ఎండ ఒక్క వేలితో దుప్పటి కొస పట్టి కాస్త లాగింది, అంతే, పైరంతా తలలూపుతూ లేచింది. మొదట ‘వ్రేలొక్కఁ డించుక’ అని రాసి మురిసిపోయాను, మా తెలుగు మాస్టారు చదివి వేలు మగాడెప్పుడయ్యిందిరా అన్నారు. ఒక్కటి అని దిద్దితే గణం చెడలేదు, బతికిపోయాను.

చంపకమాల

పడఁతికి నొక్కఁడై మెలఁగు పంకజనేత్రుని రాసలీలగన్
మడి కొక భానుఁడై వెలిఁగె మాయగ నీటను బ్రొద్దు చల్లగన్
వడివడి గట్టుఁ ద్రెంప నొక వంకర పారను రైతు దింపఁగన్
పొడిపొడి యైన సూర్యులటు పోయిరి ప్రక్క మడిం గలంగుచున్.

ఈ పద్యం కోసమే మిగతా మూడూ రాశానని చెప్పినా తప్పులేదు. నాట్లకి ముందు మళ్ల నిండా నీళ్లు పెట్టి ఉంచుతారు, గట్టు మీద నడుస్తూ చూస్తే ఏ మడి దగ్గరికొస్తే ఆ మడిలో ఒక సూర్యుడు, మీతో పాటే మడి మారుతూ వస్తాడు. రాసలీలలో గోపికకొక కృష్ణుడు ఉన్నట్టే. పదకొండో అక్షరం దగ్గర యతికి ‘వ’ కావాల్సొచ్చి వంకర పార వచ్చింది. తర్వాత గుర్తు చేసుకుంటే నేను చూసిన పార నిజంగానే వంకరది, అరిగిపోయి ఒక పక్క కురచగా ఉండేది. రైతు ఆ పారతో గట్టుకి గండి కొట్టగానే మడిలో సూర్యుడు ముందు సాగి, తర్వాత ముక్కలై, బురదతో కలిసి పక్క మడిలోకి జారిపోయాడు. ఆయన మాత్రం అటు చూడనే లేదు, పారకంటిన మట్టి కాలితో రాసి తర్వాతి గట్టు దగ్గరికి నడిచాడు.