వార్షిక క్రీడా దినోత్సవం: మైకు వద్ద చదివే వ్యాఖ్యానం

(ఉదయం 7:30. ప్రార్థనా గీతం ముగిసి అందరూ కూర్చున్న తరువాత)

వేదికపై ఉన్న పెద్దలకు, ప్రధానోపాధ్యాయుల వారికి, ఆదివారమైనా పొద్దున్నే వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. గోస్తనీ, శారద, వరాహ, చంపావతి అనే నాలుగు నదుల పేర్లు పెట్టుకున్న మన నాలుగు హౌసులూ నేడు ఇదే మైదానంలో తలపడుతున్నాయి. సముద్రపు గాలి అందుకునే వరకు ఎండ తీవ్రంగానే ఉంటుంది కనుక, పోటీ లేని పిల్లలందరూ షామియానా నీడలోనే కూర్చోవాలని, మంచినీళ్లు తాగుతూ ఉండాలని కోరుతున్నాను.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేతగా నిలిచిన సంగతి మీకందరికీ తెలుసు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో, ఆ పోటీలో పాల్గొన్న తొలి భారతీయురాలిగా బరిలో దిగిన ఆమె, తొలి పరుగులో వెనుకబడినా రెండో అవకాశంగా పెట్టిన రెపిచేజ్ పరుగుకు మళ్లీ వచ్చి ట్రాక్‌పై నిలబడింది. పతకాల పట్టికలో కనిపించని ఆ రెండో పరుగును కూడా ఈ రోజు మనం గుర్తుంచుకుందాం.

మొదటి పోటీ: ఒకటి, రెండు తరగతుల చిన్నారులకు నిమ్మకాయ చెంచా పరుగు. చెంచా నోటితోనే పట్టుకోవాలి, నిమ్మకాయ పడితే అక్కడే ఆగి, తీసి పెట్టుకుని ముందుకు సాగాలి. తల్లిదండ్రులు దయచేసి సున్నం గీత దాటి లోపలికి రావద్దు. ఫోటోలు గీత ఇవతల నుంచి కూడా చక్కగానే వస్తాయి.

(చివరి చిన్నారి చేరాక) నాలుగుసార్లు పడినా ఐదోసారి కూడా వంగి తీసుకునే ఓపిక పెద్దవాళ్లలో ఎందరికుందో నాకు అనుమానమే. చివరగా వచ్చిన చిన్నారికి చప్పట్లు!

రెండో పోటీ: మూడు, నాలుగు తరగతులకు గోనెసంచుల పరుగు. ఇందులో పడటం సహజం, పడినవారిని చూసి నవ్వటం మాత్రం అనవసరం.

ఇక ఈ ఉదయపు ప్రధాన పోటీ, తొమ్మిది, పది తరగతుల బాలికల 800 మీటర్ల పరుగు. మన ట్రాక్ 200 మీటర్లదే కనుక నాలుగు చుట్లు తిరగాలి. చివరి చుట్టు మొదలైనప్పుడు పీఈటీ మాస్టారు గంట మోగిస్తారు. మొదటి చుట్టులోనే ఊపిరంతా ఖర్చు చేసినవారు మూడో చుట్టులో తేలిపోతారు, మూడో చుట్టును నిలకడగా దాటినవారిదే సాధారణంగా పైచేయి అవుతుంది.

(ముందున్నవారు గమ్యం దాటగానే) మొదటి ముగ్గురూ గీత దాటారు. కానీ దయచేసి ఎవరూ ట్రాక్ మీదికి రావద్దు, పోటీ ఇంకా ముగియలేదు. ట్రాక్‌పై ఇంకా పరుగెత్తుతున్న అమ్మాయిల దారి ఖాళీగా ఉంచండి. ముందున్నవారు తనను ఒక చుట్టు దాటిపోయాక కూడా, అందరి చూపూ తన మీదే ఉందని తెలిసి కూడా పక్కకు తప్పుకోకుండా పరుగెత్తటం తేలికైన పని కాదు. గెలిచిన అమ్మాయి ఎంత దూరం పరుగెత్తిందో ఈమె కూడా అంతే దూరం, ఇంకా ఎక్కువసేపు ఎండలో పరుగెత్తుతున్నది. అమ్మా, తొందర లేదు, సమయం చూసేవారి స్టాప్‌వాచ్ నీ కోసం నడుస్తూనే ఉంది!

(గమనిక: ఆఖరి అమ్మాయి గీత దాటే వరకు ఫలితాలు చదవకూడదు. “పాపం” అనే మాట మైకులో వినిపించకూడదు. ఆమె పేరు ప్రత్యేకంగా పిలవవద్దు, హౌసు పేరు చాలు.)

తదుపరి 4×100 మీటర్ల రిలే. బ్యాటన్ చేజారితే, జార్చిన క్రీడాకారుడే దానిని తీసుకోవాలన్న నియమం నాలుగు హౌసుల కెప్టెన్లూ తమ జట్లకు మరోసారి చెప్పాలి.

(రిలే చివరి జట్టు చేరాక) బ్యాటన్ జారిన క్షణంలోనే పతకం చేజారిందని ఆ జట్టుకు తెలుసు. అయినా మిగిలిన చేతులన్నీ దానిని అందుకుని గమ్యం దాకా తెచ్చాయి. ఆ ఒక్క బాబును ఇప్పుడు ఎవరూ నిందించవద్దు, ముఖ్యంగా అతని హౌసు వారు.

చివరి పోటీ: తండ్రులకు తాడులాగుడు. మోకాళ్ల నొప్పులున్నవారు ఉత్సాహాన్ని షామియానాలో నుంచే చూపితే ప్రథమ చికిత్స బల్ల వద్ద ఉన్న నర్సమ్మకు శ్రమ తప్పుతుంది.

బహుమతి ప్రదానం పదకొండున్నరకు మొదలవుతుంది. ఆఖరి స్థానంలో నిలిచినవారితో సహా, పోటీ పూర్తి చేసిన ప్రతి ఒక్కరూ తమ పాల్గొన్న పత్రాన్ని తరగతి ఉపాధ్యాయుల వద్ద తీసుకోవాలి. గాజువాక, మధురవాడ వైపు బస్సులు పన్నెండున్నరకు ప్రధాన ద్వారం వద్ద సిద్ధంగా ఉంటాయి. దొరికిన నీళ్ల సీసాలు, టోపీలు, ఒక ఎడమకాలి బూటు నా బల్ల మీద ఉన్నాయి.