ఐదుగురు సముద్రదొంగలు, 100 బంగారు నాణేలు: లెక్క, సాధన

ఓడ మీద ఐదుగురు దొంగలున్నారు. దోచుకొచ్చినవి 100 బంగారు నాణేలు. అందరిలోకీ పెద్దవాడు పంపకం చెబుతాడు, అతనితో సహా అందరూ ఓటేస్తారు. కనీసం సగం మంది ఒప్పుకుంటే పంపకం ఖాయం. లేదంటే చెప్పినవాణ్ణి సముద్రంలోకి తోసేస్తారు, మిగిలినవాళ్లలో పెద్దవాడు మళ్లీ చెబుతాడు. ప్రతివాడికీ ముందు ప్రాణం, తర్వాత బంగారం. ఆ రెండింట్లో తేడా లేకపోతే ఎదుటివాణ్ణి తోసెయ్యడానికే ఓటేస్తాడు. అందరూ లెక్కలో దిట్టలే, లోపాయికారీ ఒప్పందాలు చెల్లవు. పెద్దవాడికి ఎన్ని దక్కుతాయి?

చాలామంది తలో 20 నుంచి మొదలుపెట్టి చిక్కుకుపోతారు. ఓటేసేవాడు చూసేది న్యాయం కాదు, ‘వీడు పోతే రేపు నాకేం వస్తుంది?’ అని. ఆ ‘రేపు’ తెలియాలంటే చివరి నుంచి రావాలి. అందుకే అందరికన్నా చిన్నవాడికి 1, పెద్దవాడికి 5 అని అంకెలు వేయండి. అప్పుడు ఎంతమంది మిగిలితే ఆ అంకెవాడే పంపకం చెబుతాడు.

ఇద్దరే మిగిలితే 2వ వాడి ఓటొక్కటే సగం. 100 వాడివే, 1వ వాడికి సున్నా. మొత్తం లెక్కకు పునాది ఇదే.

ముగ్గురుంటే 3వ వాడికి ఇంకొక్క ఓటు కావాలి. తను పోతే 1వ వాడికి సున్నాయే కాబట్టి ఒక్క నాణెంతో ఆ ఓటు వస్తుంది. సున్నా ఇస్తే రాదు, తోసెయ్యడమే వాడికి ఇష్టం. పంపకం 99, 0, 1.

నలుగురుంటే సగమంటే రెండు ఓట్లు. ముగ్గురి పంపకంలో ఖాళీ చేతులతో మిగిలేది 2వ వాడు, నాణెం వాడికే: 99, 0, 1, 0. దీన్ని 1వ వాడికిస్తే పని జరగదు. వాడికి రేపైనా ఒకటి ఖాయం, కనుక తోసేస్తాడు.

ఐదుగురికి మూడు ఓట్లు కావాలి. నలుగురి పంపకంలో సున్నా వచ్చేది 3, 1 వాళ్లకు. చెరొకటి ఇస్తే సరి. పెద్దవాడి నుంచి చిన్నవాడి వరకు జవాబు: 98, 0, 1, 0, 1.

నియమాన్ని సరిగా చదవకపోతే జవాబే మారిపోతుంది. ‘సగానికి మించి’ ఓట్లు కావాలంటే ఇద్దరున్నప్పుడు 2వ వాడు 100 నాణేలూ ఇచ్చినా బతకడు. అందుకే ముగ్గురున్నప్పుడు వాడు ఏమీ అడక్కుండా 3వ వాడికి ఓటేస్తాడు: 100, 0, 0. నలుగురికి 98, 0, 1, 1. ఐదుగురున్నప్పుడు 5వ వాడు 3వ వాడికి 1, ఆపైన 2, 1 వాళ్లలో ఎవరో ఒకరికి 2 ఇచ్చి, 97 ఉంచుకుంటాడు.

మొదటి నియమంతోనే దొంగల సంఖ్య పెంచితే ఇంకా అందంగా ఉంటుంది. 202వ వాడు తనకేమీ మిగలకపోయినా బతుకుతాడు. 203వ వాడికి 102 ఓట్లు కావాలి. 100 కొనుక్కున్నా తన ఓటుతో 101 దగ్గరే ఆగిపోతాడు. 204వ వాడికీ కావలసినవి 102 ఓట్లే. కానీ 204 పోతే తరువాత తన వంతే కనుక, 203 ప్రాణభయంతో ఉచితంగా ఓటేస్తాడు. 204 బతికిపోతాడు.