తాగేది క్యాను నీళ్లు, వండేది బోరు నీళ్లు: కనిగిరి పల్లెల్లో చిన్నపిల్లలకు చేరే ఫ్లోరైడ్‌పై పరిశోధన సమస్య

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. వానలు తక్కువ, బోర్లు లోతు, కింద ఫ్లోరిన్ ఉన్న గ్రానైట్ రాయి. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి ఆ జిల్లాలో గుర్తించి నమోదు చేశారు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. జిల్లా మారినా గార పళ్ల పిల్లలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి. దాంతో సమస్య తీరిందనే మాట తరచూ వినిపిస్తోంది. వంటింట్లోకి వెళ్లి చూస్తే అది సగం నిజమే. పరిశీలన కోసం వెళ్లిన ఇళ్లలో 20 లీటర్ల క్యాను ఓ మూల బల్ల మీద, మూతపై బోర్లించిన గ్లాసుతో ఉంటుంది. బియ్యం కడిగి ఎసరు పోసేది మాత్రం కుళాయిలో వచ్చే బోరు నీళ్లతోనే. "క్యాను తాగేదానికే చాలదు, వంటకి కూడా పోస్తే ఎట్టాగమ్మా?" అని ఒక తల్లి అడిగింది. ఆమె ప్రశ్న న్యాయమైనది.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఉండొచ్చని భారతీయ ప్రమాణం. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లు అర లీటరు పోసి కుక్కర్‌లో అన్నం వండితే, 1.5 మిల్లీగ్రాములూ ఆ అన్నంలోనే మిగులుతాయి. గంజి వార్చితే కొంత బయటికి పోతుంది. ఎంత పోతుందో ఇక్కడి నీళ్లతో, ఇక్కడి బియ్యంతో కొలిచి చూడాలి. శాశ్వత దంతాల ఎనామిల్ ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే కాబట్టి, ఆ వయసులో జరిగిన నష్టాన్ని తర్వాత నీళ్లు మార్చి సరిదిద్దలేం. అయినా ఇంటి నీటి లెక్క అడిగినప్పుడల్లా తాగే నీళ్ల గురించే అడుగుతున్నాం.

అందుకే ఈ పరిశోధన ఉద్దేశం: కనిగిరి మండలంలోని మూడు గ్రామాల్లో, ఆర్‌ఓ నీళ్లు తాగుతున్న ఇళ్లలోని 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు అందే ఫ్లోరైడ్‌లో వంట నీటి వాటా ఎంతో కొలవడం, కుక్కర్ అన్నానికీ గంజి వార్చిన అన్నానికీ ఆ వాటాలో తేడా ఉందో లేదో తేల్చడం. ఇందుకోసం క్యాను నీళ్లు, బోరు నీళ్లు, వండిన అన్నం, పప్పు నమూనాలను ఒకే పూట ఒకే ఇంటి నుంచి తీసుకుంటాం. ఎముకల ఫ్లోరోసిస్, కిడ్నీ జబ్బులు ఈ పరిశోధన పరిధిలోకి రావు. అంగన్‌వాడీలో పిల్లలు తినే భోజనాన్ని మాత్రం వదలం, ఎందుకంటే మధ్యాహ్నం వాళ్ల కడుపు నిండేది అక్కడే.