పదిరూపాయల నాణెం పక్కన

ఆగస్టు 9వ తేదీ రాత్రి, హాస్టల్ స్నానాల గదిలో లైటు కింద నిలబడి, నడుముకు ఎడమవైపు సరిగ్గా ప్యాంటు పట్టీ ఒరుసుకునే చోట వచ్చిన ఎర్రటి మచ్చను మొదటిసారి ఫోటో తీశాను. అప్పటికి అది పదిరూపాయల నాణెమంత కూడా లేదు. ఎంత ఉన్నదీ తర్వాత పోల్చి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని, జేబులోని నాణేన్నే దాని పక్కన ఆనించి పట్టుకున్నాను. మచ్చ అంచు కాస్త ఉబ్బి, దాని మీద సన్నటి పొట్టు రేగి ఉంది. మధ్యలో మాత్రం చర్మం మామూలు రంగుకు తిరిగి వస్తోంది. మధ్యలో తగ్గుతోంది కదా, నాలుగు రోజులు పోతే అంచు కూడా తగ్గుతుందని నిశ్చింతగా నిద్రపోయాను.

విజయనగరంలో నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. హాస్టల్లో మా గదికి ఆరుగురం. ముసురు పట్టిందంటే ఉతికిన బట్టలు డాబా మీద ఆరవు కనుక, కిటికీ చువ్వ నుంచి తలుపు మేకు దాకా కట్టిన ఒకే తాడు మీద ఆరుగురి లుంగీలూ బనియన్లూ తువ్వాళ్లూ ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. పొద్దున్న ఎనిమిదింటికి క్లాసుకు పరుగెత్తే హడావిడిలో చేతికి ఏ తువ్వాలు అందితే దానితోనే ఒళ్లు తుడుచుకుని, ఆరీ ఆరని ప్యాంటు వేసుకుని పోయేవాళ్లం. ఇందులో తప్పేదో ఉందని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

మొదటి ఫోటో తర్వాత నాకు అదొక అలవాటైపోయింది. ప్రతి ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక అదే లైటు కింద, అదే నాణెంతో ఒక ఫోటో తీసి, ఫోన్లో ఎవరికీ కనబడని ఫోల్డర్లో దాచేవాణ్ని. ఆగస్టు చివరికి మచ్చ నాణేన్ని దాటింది. సెప్టెంబరు రెండో వారానికి మూడు నాణేలు పక్కపక్కన పెట్టినంత వెడల్పయింది. దాని కిందే గజ్జల వైపు మరో చిన్న వలయం మొదలైంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఫోటో తీసిన ప్రతిసారీ నా మనసుకు ఏదో పని పూర్తయినంత తృప్తి కలిగేదని, ఆ తృప్తే నన్ను ఆస్పత్రి మెట్లెక్కకుండా ఆపిందని స్పష్టంగా అర్థమవుతోంది.

ఈ మధ్యలో ఒక మందుల షాపుకు వెళ్లాను. చొక్కా ఎత్తబోతుంటే కౌంటరు వెనక ఉన్నాయన చూడకుండానే, "దురదేనా? ఇది రాయి, తగ్గిపోద్ది" అని ఒక ట్యూబు ఇచ్చాడు. మూడు రోజుల్లో దురద నిజంగానే పోయింది, ఎరుపు చల్లబడింది. ఆ వారం ఫోటో చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ట్యూబు అయిపోయిన పది రోజులకు దురద రెట్టింపై తిరిగొచ్చింది. మళ్లీ అదే ట్యూబు కొన్నాను, ఆ తర్వాత ఇంకొకటి. మూడో ట్యూబు నాటికి మచ్చకు వలయం రూపం చెదిరిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియని ముదురు రంగు చర్మం అరచేయంత మేర పరుచుకుంది.

ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదని అడిగితే, సెమిస్టరు పరీక్షలని ఒక సాకు చెప్పుకునేవాణ్ని. అసలు కారణం భయం. ఒక రాత్రి ఫోన్లో చర్మం మీద మచ్చల బొమ్మలు వెతుకుతూ పోతే, చివరికి కుష్టు దగ్గర ఆగాను. మా చిన్నప్పుడు ఊళ్లో ఒక ముసలాయనకు అందరూ దూరం నుంచే కొబ్బరిచిప్పలో నీళ్లు వంపేవారు. పెద్దరోగమని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. నాకూ అదేనని ఎవరైనా చెబితే ఈ గదిలో నా మంచం ఎక్కడ వేస్తారు, మా అప్ప పెళ్లి సంబంధం ఏమవుతుంది అని రాత్రంతా ఆలోచించాను. తెల్లారాక ఆస్పత్రికి వెళ్లడానికి బదులు ఇంకొక ఫోటో తీశాను.

నేను చేసిన మరో పని చెప్పడానికి ఇప్పటికీ మనసొప్పదు. సెప్టెంబరు చివర్లో నా పక్క మంచం సింహాచలం బోర్లా పడుకుని చదువుకుంటుంటే, వాడి మెడ వెనక, తువ్వాలు వేసుకునే చోట, అచ్చం నా మొదటి ఫోటోలో ఉన్నలాంటి వలయం కనిపించింది. చెబితే నాదీ చూపించవలసి వస్తుందని ఊరుకున్నాను.

పైడితల్లి అమ్మవారి పండక్కి అమ్మ వచ్చింది. తొలేళ్ల రాత్రి జనంలో చెమటలు కారుతుంటే ఆ దురద నా వశం కాలేదు. మర్నాడు సిరిమాను చూడటానికి కోట దగ్గర నిలబడినప్పుడు నా చెయ్యి మాటిమాటికీ నడుము మీదకే పోతోందని అమ్మ కనిపెట్టి, పక్కకు లాక్కెళ్లి చొక్కా ఎత్తింది. "ఏటిరా ఇది? ఎన్నాళ్లనుంచిరా? నాకు సెప్పకుండా ఇలాగ్గాని దాస్తావేటి!" అంది. కోప్పడుతూనే కళ్లు తుడుచుకుంది. రెండు రోజుల తర్వాత, ఊరికి పోవలసిన బస్సు మానుకుని మరీ నన్ను ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో నిలబెట్టింది.

చర్మవ్యాధుల విభాగంలో డాక్టరమ్మ మచ్చను భూతద్దంతో చాలాసేపు చూసి, "ఏం రాశావు దీనికి?" అని అడిగారు. ఖాళీ ట్యూబు ఇచ్చాను. దాని మీది సన్నటి అక్షరాలు నాకే చదవమన్నారు. క్లోబెటసాల్, నియోమైసిన్, మైకొనజోల్.

"ఈ మొదటిది చాలా శక్తిమంతమైన స్టెరాయిడ్, బాబూ. 2018లో ఇలాంటి పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇది రాశాక మచ్చ రూపమే మారిపోయింది. ముందు ఎలా ఉండేదో గుర్తుందా?"

సిగ్గుపడుతూనే ఫోన్ తీసి ఆ ఫోల్డరు చూపించాను. ఆవిడ చివరి ఫోటో నుంచి వెనక్కి జరుపుకుంటూ పోయి, ఆగస్టు 9 దగ్గర ఆగి, తెరను పెద్దది చేసి చూశారు. "ఇవాళ నీ ఒంటి మీద ఉన్నది చూసి ఇది ఫలానా అని చెప్పడం నాకే కష్టం. ఈ ఫోటో చూస్తే మా దగ్గర చదువుకునే పిల్లలు కూడా తామర అని చెప్పేస్తారు. నాణెం పెట్టి తీయడం మంచి పని. అదే రోజు ఇక్కడికి వచ్చి ఉంటే ఈ నాణెమంత మచ్చకే మందు ఇచ్చి పంపేదాన్ని," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

నా భయం అప్పుడు బయటపెట్టాను. ఆవిడ నన్ను కళ్లు మూసుకోమని, దూదిని సన్నగా పురి పెట్టి, మచ్చ మీదా పక్కనా మార్చి మార్చి తాకిస్తూ, తాకిన చోటల్లా వేలితో చూపించమన్నారు. ఒక్కటీ తప్పకుండా చూపించాను. కుష్టు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుందని, దురద ఉండదని, ఒకవేళ అదే అయినా ఆరు నెలలో పన్నెండు నెలలో ఉచితంగా ఇచ్చే మందులతో పూర్తిగా నయమవుతుందని చెప్పారు. మా ఊరి ముసలాయన గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

తర్వాత మచ్చ అంచును స్పిరిటుతో తుడిచి, బ్లేడు మొండి వైపుతో మెల్లగా గీకారు. తెల్లటి పొట్టు పిండిలా గాజుపలక మీద రాలింది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి, చర్మకణాలు కరిగి పలచబడే వరకు మమ్మల్ని బయట కూర్చోమన్నారు. కాసేపటికి పిలిచి, సూక్ష్మదర్శినిలో నన్నే చూడమన్నారు. మసకగా పరుచుకున్న కణాల నడుమ, వెదురు కణుపుల్లా అడ్డగీతలున్న సన్నటి దారాలు కొమ్మలు చీలుతూ పోతున్నాయి. రెండు నెలలకు పైగా నా చర్మం మీద మేస్తున్నవి అవే.

"ఈ శిలీంధ్రం చర్మం పైపొరలో ఉండే కెరాటిన్ తిని బతుకుతుంది. చెమట, తడి, బిగుతు బట్టలు ఉంటే దానికి పండగే. ఒక చోట మొదలై అన్ని వైపులకూ బయటికి పాకుతుంది కనుక మధ్య మానినట్టు కనిపిస్తుంది, అంచున మాత్రం ఉధృతంగా ఉంటుంది. నువ్వు తగ్గుతోందని అనుకున్నప్పుడే అది పెరుగుతోంది. ఇక స్టెరాయిడ్ ఏం చేసిందంటే, చర్మం తిరగబడకుండా నోరు మూయించింది. దురదా ఎరుపూ పోయాయి, శిలీంధ్రం మాత్రం అడ్డు లేకుండా పాకింది. గజ్జల దగ్గర ఈ చారలు చూశావా? అక్కడ చర్మం పలచబడి సాగిపోయింది. తామర పోతుంది గాని, ఈ చారలు పూర్తిగా పోవు."

అమ్మ ఆ చారల వైపు చూసి నా భుజం మీద చెయ్యి వేసింది.

కామెర్లు ఎప్పుడైనా వచ్చాయా, వేరే మందులేమైనా వాడుతున్నానా అని అడిగాక, నాలుగు వారాలకు మాత్రలూ, స్టెరాయిడ్ లేని పూత మందూ రాశారు. ట్యూబు మానేసిన మొదటి వారం దురద రేగవచ్చని, కంగారుపడి మళ్లీ అదే కొనవద్దని గట్టిగా చెప్పారు. పూత మందును మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. తువ్వాలు వేరుగా ఉండాలి, లోపలి బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయాలి. చివరగా, కలం పక్కన పెట్టి అడిగారు. "గదిలో ఇంకెవరికైనా ఉందా? ఉంటే వాళ్లకూ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే నీకు తగ్గినా మళ్లీ వాళ్ల నుంచి నీకే వస్తుంది."

ఉంది మేడం అన్నాను.

అమ్మను బస్సెక్కించి హాస్టలుకు వచ్చేసరికి సింహాచలం తాడు మీది తువ్వాలు తీసి మెడకు వేసుకుంటున్నాడు. అది నా తువ్వాలే. వాడి చేతిలోంచి తీసుకుని, తలుపు దగ్గరకు వేసి, చొక్కా ఎత్తి చూపించాను. వాడు అప్రయత్నంగా చేతిని మెడ వెనక్కి పోనిచ్చాడు. "నాకూ ఉంది కదరా. నీకు ముందే తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. ఎప్పట్నుంచని అడిగితే నోట మాట రాలేదు. ఫోన్ తెరిచి వాడి చేతికిచ్చాను. వాడు ఒక్కొక్క ఫోటోనే వెనక్కి జరుపుతూ, ప్రతిదానిలోనూ ఉన్న నాణేన్ని చూస్తూ, ఆగస్టు దాకా వెళ్లాడు. చాలాసేపు నా వైపు చూడలేదు.

"ఓపీ చీటీ ఎన్నింటికి ఇస్తారు?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా ఇద్దరం వరుసలో ఉన్నాం.