మీ అమ్మగారి ముక్క పరీక్ష రిపోర్టు: పైనుంచి కిందికి ఎలా చదవాలి

రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ ఆఖరి లైను మీదికే పోతుంది. ముందు పై వరుసలు చూడండి: పేరు, వయసు 54, ఆసుపత్రి నంబరు, "ఎడమ రొమ్ము, ట్రూకట్ బయాప్సీ", అంటే లావు సూదితో తీసిన ముక్క. స్కానింగు రిపోర్టులోనూ ఎడమే ఉందా? కుడి ఎడమలు తారుమారైతే చికిత్సే దారి తప్పుతుంది. తేడా కనిపిస్తే సర్జన్‌ను కలిసేలోపే మా పాథాలజీ ల్యాబుకు చెప్పండి.

గ్రాస్ అంటే ముక్క మా బల్ల మీదికి వచ్చినప్పుడు కంటికి ఎలా కనిపించిందో రాసుకున్నది. బూడిద తెలుపు పోగులు నాలుగు, పొడవైనది 1.4 సెం.మీ., మొత్తం A1 అనే మైనపు దిమ్మలో, అంటే బ్లాక్‌లో, పెట్టాం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 1.4 అన్నది గడ్డ సైజు కాదు, సూదిలో వచ్చిన పోగు పొడవు. గడ్డ సైజు అల్ట్రాసౌండ్‌లో ఉంది: 2.6 సెం.మీ. ఇక రంగు చూసి జబ్బును తేల్చలేం.

మైక్రోస్కోపీలో మూడు విషయాలకు మార్కులు వేశాం. కణాలు గొట్టాల్లా అమరడం దాదాపు లేదు: 3. కేంద్రకాల ఆకారం ఓ మోస్తరుగా మారింది: 2. విభజన జరుపుకుంటున్న కణాలు తక్కువ: 1. మొత్తం 6. మొత్తం 3 నుంచి 5 అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 అయితే 2, 8 లేదా 9 అయితే 3. కాబట్టి అమ్మగారిది గ్రేడ్ 2.

దయచేసి దీన్ని "రెండో స్టేజి" అని ఎవరికీ చెప్పకండి. గ్రేడ్ కణాల స్వభావం, స్టేజి జబ్బు ఎంతవరకు పాకిందన్న లెక్క. స్టేజి ఈ కాగితంలో లేదు, ఉండదు కూడా. చంక గ్రంథులు, స్కాన్లు చూశాకే డాక్టరు చెబుతారు. "రక్తనాళాల్లో, లింఫు నాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అన్న మాట కూడా ఈ నాలుగు పోగుల వరకే వర్తిస్తుంది.

చివరి లైను: "ఇన్వేసివ్ బ్రెస్ట్ కార్సినోమా, నో స్పెషల్ టైప్, గ్రేడ్ 2". ఇది చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయిన క్యాన్సరే. "అనుమానం", "సూచిస్తోంది" లాంటి మాటలు ఇందులో లేవు కాబట్టి, నిర్ధారణ కోసమే మళ్లీ ముక్క తీయాల్సిన పని లేదు. నో స్పెషల్ టైప్ అంటే రకం తెలియలేదని కాదు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకానికి ఉన్న పేరే అది.

దాని కింద "ఈఆర్, పీఆర్, హెర్2 రావాలి" అని ఉంది. ఈఆర్, పీఆర్ అంటే కణాల్లో హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు, హెర్2 అంటే కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీను. మందుల ఎంపికకు ఇవే కీలకం. ఈఆర్ కనిపించిన క్యాన్సర్ కణాలు 1 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పాజిటివ్‌గా లెక్క. హెర్2 3+ వస్తే పాజిటివ్, 0 లేదా 1+ అయితే నెగెటివ్. 2+ వస్తే తేలనట్టు, హెర్2 జన్యువు కాపీలు లెక్కించే ఫిష్ పరీక్ష చేయాలి. అదీ ఇదే బ్లాక్ మీద చేస్తాం, అమ్మగారికి మళ్లీ సూది గుచ్చరు.

ఫలితాలు శుక్రవారం సాయంత్రం వస్తాయి. వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కావాలంటే కాగితం ఒక్కటీ సరిపోదు. స్లైడ్లు, A1 బ్లాక్ కూడా అడిగి, సంతకం పెట్టి తీసుకెళ్లండి. ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.